ఉక్కపోతలో జుట్టు ఎందుకు రేగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళంలో నాకొక చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. జూన్‌లో మొదటి వాన పడిన దగ్గర నుంచి అక్టోబరు తుపానులు వెళ్లేదాకా కుర్చీలో కూర్చున్నవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ చేతిలో కత్తెర ఆపి చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

పార్లర్లలో దీన్ని ఫ్రిజ్ అంటారు. నేను మొదటిసారి ఇంట్లో ఆ మాట అన్నప్పుడు మా అమ్మ వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందో లేదో చూసి వచ్చింది. అందుకే జుట్టు రేగడం అనే రాస్తాను.

జుట్టు రేగడం, చిక్కు పడడం ఒకటేనా?

కాదు. చిక్కు పడితే వెంట్రుకలు ఒకదానికొకటి ముడిపడతాయి. రేగినప్పుడు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. పక్కపక్కనే ఒకే వంపులో పడి ఉండాల్సిన వెంట్రుకలు తలా ఒక దిక్కు పట్టి పైకి లేస్తాయి. వెలుతురుకు ఎదురుగా నిలబడితే తల చుట్టూ సన్నని పొగలా కనిపిస్తుంది. మెరుపు కూడా పోతుంది. వెంట్రుకలన్నీ ఒకే వైపు పడి ఉన్నప్పుడు వెలుగు ఒకే వైపు తిరిగివస్తుంది, చెదిరితే వెలుగూ చెదురుతుంది. జుట్టుకు జబ్బు చేసిందని కొందరు బెంగపడతారు. అలాంటిదేమీ లేదు.

గాలిలోని తడి వెంట్రుక లోపలికి ఎలా వెళుతుంది?

వెంట్రుక పైపొర మన పెంకుటింటి కప్పులాంటిది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి, కుదురు నుంచి కొస వైపు జారినట్టు పేర్చి ఉంటాయి. ఆ కప్పు కింద కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారైన పోగులు ఉంటాయి. ఉద్దానంలో పేనే కొబ్బరి తాడును విప్పి చూస్తే పెద్ద పాయలో చిన్న పాయ, అందులో పీచు కనిపిస్తాయి కదా, లోపలి అమరిక ఇంచుమించు అదే.

ఈ పోగులను పట్టి ఉంచే బంధాలలో ఇక్కడ మనకు కావలసినవి రెండు రకాలు. గంధకంతో ఏర్పడే బంధాలు గట్టివి. వాటికి నీళ్లు తగిలినా ఏమీ కాదు, మీది ఉంగరాల జుట్టో నిటారు జుట్టో నిలబెట్టేవి ఎక్కువగా అవే. రెండో రకం హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటి బలహీనమైనది, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. తడి తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. ఆరే సమయానికి వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే కలుస్తాయి. రాత్రి తడి తలతో దిండు మీద పడుకుంటే తెల్లారేసరికి ఒక పక్క అణిగిపోయి ఉండడానికి కారణం ఇదే.

పొందూరు ఖద్దరు కట్టేవారికి ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇస్త్రీ చేసిన పంచె మడత ఎండలో బాగుంటుంది. వాన రోజున బయటికి వెళ్లి వస్తే మడత సడలి, ముడతలు వేరే చోట్ల పడతాయి. నూలు పోగుల్లోనూ ఇలాంటి హైడ్రోజన్ బంధాలే ఉంటాయి. జుట్టుకూ నూలుకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఎంత తడి పడుతుందో చూడండి. పూర్తిగా ఆరబెట్టిన 100 గ్రాముల జుట్టును ఓ మాదిరి తడి గాలి ఉన్న గదిలో ఉంచితే గాలి నుంచి దాదాపు 15 గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. గాలి పూర్తిగా తడితో నిండి ఉంటే ఆ నీరు 30 గ్రాముల దాకా పోతుంది. తల మీద ఒక్క చుక్క వాన పడకపోయినా ఇంత జరుగుతుంది. ఆ నీటితో వెంట్రుక ఉబ్బుతుంది. పొడవు పెరిగేది నూటికి రెండు పాళ్లే కానీ, లావు ఏడో వంతు దాకా పెరుగుతుంది. వంపు ఉన్న వెంట్రుకలో రెండు పక్కలా ఉండే కణాలు ఒకే తీరువి కావు, అవి ఒకే తీరున ఉబ్బవు. అందుకని వెంట్రుక మెలి తిరుగుతుంది. ప్రతి వెంట్రుకా తనదైన చోట, తనదైనంత మెలి తిరిగేసరికి పక్కదానితో కలిసి ఉండలేదు. రేగడమంటే ఇదే.

ఇది నిజమని ఇంట్లో చూడగలమా?

చూడగలం. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. అడుగు పొడవున్న ఒక వెంట్రుకను షాంపూతో కడిగి జిడ్డు పోగొట్టి ఆరబెట్టండి. ఒక కొసను గోడ మేకుకు టేపుతో అంటించి, రెండో కొసకు చిన్న గుండుసూది కట్టి వేలాడదీయండి. గుండుసూది మొన ఎక్కడ ఆగిందో వెనక తెల్ల కాగితం మీద సన్నగా గీయండి. పొడి మధ్యాహ్నం ఒక గీత, వాన వెలిసిన రాత్రి ఒక గీత పెడితే రెండింటి మధ్య మిల్లీమీటరుకు అటూ ఇటూ తేడా వస్తుంది. ఇంకా బాగా కనిపించాలంటే వేలాడే వెంట్రుకకు స్నానాల గది ఆవిరి పట్టించండి.

స్విట్జర్లాండ్‌కు చెందిన సొస్యూర్ అనే శాస్త్రవేత్త 1783లో మనిషి వెంట్రుకతోనే గాలి తడిని కొలిచే పరికరాన్ని వివరించాడు. ఆ తరువాత చాలా కాలం వాతావరణ కేంద్రాలలో అలాంటి పరికరాలే వాడారు. కాబట్టి మీ జుట్టు వానను ముందే చెబుతోందని ఎవరైనా అంటే నవ్వకండి.

ఎండాకాలం చెమటలు కారిపోతుంటే రేగని జుట్టు, వానాకాలం సాయంత్రం ఎందుకు రేగుతుంది?

జుట్టుకు ముఖ్యం గాలిలో ఎంత నీరుందన్నది కాదు, ఆ వేడి దగ్గర గాలి మోయగలిగినదాంట్లో ఎన్నో వంతు నిండిందన్నది. ఫోనులో వాతావరణం చూపే చోట ఆర్ద్రత శాతమని ఉండేది అదే. మధ్యాహ్నం గాలి వేడిగా ఉంటుంది కనుక ఎక్కువ నీటిని మోయగలదు. పొద్దుగూకి చల్లబడగానే, ఉన్న నీరు అంతే ఉన్నా శాతం పెరిగిపోతుంది. వానాకాలంలో సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఎలాగూ తడితో నిండి ఉంటుంది. మన పెళ్లి విందులు, ఫొటోలు మొదలయ్యేది సరిగ్గా ఆ వేళకే. శ్రీకాకుళం ఊళ్లో బాగున్న జుట్టు కళింగపట్నం ఒడ్డున అరగంటలో మారిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఏసీ గదిలో తయారై బయటికి రావడం కూడా ఇలాంటిదే. ఏసీ గాలిలోంచి తడిని తీసేస్తుంది, జుట్టు ఆ పొడి గాలికి తగ్గట్టు ఆరుతుంది. గుమ్మం దాటగానే మళ్లీ పీల్చుకోవడం మొదలుపెడుతుంది.

మా చెల్లెలి జుట్టు రేగదు, నాది మాత్రమే ఎందుకు రేగుతుంది?

మొదట మీ ఇద్దరి జుట్టులో వంపు ఎంతుందో చూడాలి. నిటారు జుట్టు కూడా ఉబ్బుతుంది, కానీ అన్ని వెంట్రుకలూ ఒకే వైపు వేలాడతాయి కనుక కనబడదు. చాలామంది తమది నిటారు జుట్టేనని, ఎందుకో పాడైందని అనుకుంటారు. తలస్నానం చేసి, దువ్వకుండా, ముట్టుకోకుండా ఆరనివ్వండి. ఇంగ్లిషు ఎస్ అక్షరంలా వంపులు తేలితే మీది అలల జుట్టు. ఏళ్ల తరబడి పొడిగా దువ్వి దువ్వి ఆ అలలను మీరే చెదరగొడుతూ వస్తున్నారన్నమాట.

రెండోది పైపొర. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక మీద పుట్టుకతోనే ఒక పలుచని కొవ్వు పొర అంటుకుని ఉంటుంది. నీటి చుక్క వేస్తే జారిపోయేది దానివల్లే. రంగు వేయడానికి ముందు చేసే బ్లీచింగ్ ఆ పొరను ఊడదీస్తుంది, తరువాత ఎన్ని నూనెలు రాసినా అది తిరిగి మొలవదు. పొలుసులు కూడా లేచి, అక్కడక్కడ ఊడతాయి. అలాంటి వెంట్రుక తడిని త్వరగా పీలుస్తుంది, త్వరగా వదిలేస్తుంది. మీరు కొసలకు రంగు వేయించి చెల్లెలు వేయించకపోతే జవాబు అక్కడే ఉంది.

నుదుటి పైన, పాపిడి పక్కన లేచేవి చాలాసార్లు కొత్తగా మొలుస్తున్న పొట్టి వెంట్రుకలు. వాటిని రేగిన జుట్టుతో కలపకండి. పెరిగేదాకా చేయగలిగిందేమీ లేదు.

ఉదయం స్ట్రెయిటనర్ పెడితే సాయంత్రానికి మళ్లీ రేగుతోంది. నేను సరిగ్గా పెట్టడం లేదా?

మీరు ఎంత బాగా పెట్టినా అంతే. స్ట్రెయిటనర్ మార్చేది హైడ్రోజన్ బంధాలనే, గంధకపు బంధాల జోలికి పోదు. గాలిలోని తడి వచ్చి సరిగ్గా ఆ బంధాలనే విప్పుతుంది. విప్పగానే వెంట్రుక తన సొంత వంపుకు పోతుంది. అన్నీ ఒకేసారి పోవు. మెడ దగ్గర చెమట తగిలినవి ముందు, పైన గాలి తగిలినవి తరువాత, లోపల దాగినవి చివరికి పోతాయి. సగం నిటారుగా, సగం వంపుగా ఉన్న ఆ స్థితే అన్నిటికన్నా వికారంగా కనిపిస్తుంది.

అందువల్ల ఈ తీర ప్రాంతంలో ఉన్నవారికి నా సలహా ఒక్కటే. ఎలాగూ తడి లోపలికి వస్తుంది. అది వచ్చి మీ జుట్టును ఏ ఆకారానికి తీసుకుపోతుందో, ముందే ఆ ఆకారంలో చక్కగా కుదిర్చి ఆరబెట్టండి. పాడవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగలదు. అలా కాదు, నిటారుగానే కావాలంటే చలికాలం పొడి రోజులలో చేసుకోండి, లేదా ఏసీ హాలులో జరిగే రెండు గంటల కార్యక్రమానికి ఉంచుకోండి.

పెట్టేవారు ఒక్క జాగ్రత్త తప్పనిసరిగా తీసుకోవాలి. జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. పెట్టగానే చుయ్‌మని శబ్దం వచ్చి ఆవిరి లేస్తే లోపలి నీరు ఒక్కసారిగా మరిగి వెంట్రుకలో బుడగలు చేస్తోందని అర్థం. ఆ వెంట్రుక తరువాత అక్కడే తెగుతుంది. సన్న జుట్టుకు, రంగు వేసిన జుట్టుకు 150 డిగ్రీలు, మందపాటి జుట్టుకు 180 చాలు. మీటను చివరి దాకా తిప్పవద్దు.

వంపుతోనే కుదర్చడం అంటే ఎలా? మొదటి నుంచి చెప్పండి.

మా పిన్ని కూతురికి చేసింది చెబుతాను. దానిది భుజాల కిందికి వచ్చే అలల జుట్టు, కింది నాలుగు అంగుళాలకు రంగు వేయించుకుంది. శ్రావణ మాసంలో కళింగపట్నం దగ్గర ఒక పెళ్లి విందుకు మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ గదిలో గంటసేపు స్ట్రెయిటనర్ పెట్టించుకుంది. పెట్టింది నేనే, వద్దని చెప్పి కూడా పెట్టాను. బస్సు దిగేసరికి మెడ దగ్గర వంకర్లు తేలాయి. ఏడున్నరకు తీసిన ఫొటోలో తల పైభాగం నిటారుగా, చెవుల కింద పీచులా, రంగు వేసిన కొసలు పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి. మర్నాడు ఆ ఫొటో పంపి, "అక్కా, ఇది నేనేనా?" అని అడిగింది.

అదే నెలలో ఇచ్ఛాపురంలో ఇంకో పెళ్లి. ఈసారి నేను చెప్పినట్టు చేస్తానంది.

ముందు రోజు రాత్రి కుదుళ్లకు కాకుండా జుట్టు పొడవునా రెండు చెంచాల కొబ్బరినూనె రాశాం. పొద్దున షాంపూను కుదుళ్లకే పట్టించాం, నురుగు కిందికి జారుతూ కొసలను శుభ్రం చేస్తుంది, కొసలను విడిగా రుద్దలేదు. తరువాత చెవుల దగ్గర నుంచి కొసల దాకా పెద్ద చెంచాడు కండిషనర్. అది జుట్టు మీద ఉండగానే వెడల్పాటి పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీశాం. ఆ రోజుకు అదే చివరి దువ్వడం. మూడు నిమిషాలు ఆగి, కాస్త జారుడుతనం మిగిలేలా కడిగాం.

అసలు కిటుకు ఇక్కడుంది. జుట్టు నుంచి నీళ్లు ఇంకా కారుతుండగానే జెల్ రాయాలి. తువ్వాలుతో తుడిచి, సగం ఆరాక రాస్తే అప్పటికే వెంట్రుకలు విడిపోయి ఉంటాయి, ఆ విడిపోయిన తీరునే జెల్ గట్టిపరుస్తుంది. తడిగా ఉన్నప్పుడు నీరే వెంట్రుకలను పాయలుగా అంటించి ఉంచుతుంది. జుట్టును నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి అర చెంచా జెల్ అరచేతుల మధ్య రుద్దుకుని, పాయను రెండు చేతుల మధ్య పెట్టి పై నుంచి కిందికి జార్చాం. తరువాత తల వంచి, కొసలను గుప్పిట్లో పట్టి పైకి నొక్కి వదిలాం. నొక్కినప్పుడు చెరువులో కాలు వేసినట్టు చప్పుడు రావాలి. రాకపోతే నీరు చాలలేదని అర్థం, ఇంకో గుక్కెడు నీళ్లు చల్లాలి.

పాత నూలు చీర ముక్కతో కారే నీటిని అద్దాం, రుద్దలేదు. ఆ తరువాత ఆరేదాకా చేయి పెట్టకూడదు. దానికి అదే కష్టమైంది, రెండుసార్లు చేతి మీద కొట్టాను. గంటన్నర ఫ్యాను కింద కూర్చుని, మిగతాది డ్రైయర్‌ను తక్కువ వేడిలో, తక్కువ గాలిలో పెట్టి ఆరబెట్టాం. వానాకాలంలో పూర్తిగా గాలికే వదిలేస్తే లోపలి భాగం సాయంత్రమైనా ఆరదు, ఆరనిది బయటి తడి గాలిలో తనకు తోచినట్టు కుదురుతుంది. ఆరిందో లేదో వేళ్లకు సరిగ్గా తెలియదు. మెడ దగ్గరి పాయను పెదవికి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉంది.

ఆరాక జుట్టు అప్పడంలా గట్టిగా ఉంది. అది చూసి చిన్నబుచ్చుకుంది. రెండు చుక్కల కొబ్బరినూనె అరచేతులకు రాసుకుని గుప్పిళ్లతో నలిపితే పైన జెల్ పెట్టిన పెళుసుతనం విరిగిపోయి మెత్తని పాయలు మిగిలాయి. ముందు భాగాన్ని రెండు పక్కలా వదులుగా మెలి తిప్పి వెనక పిన్ను పెట్టాం, రంగు వేసిన కొసలను కొప్పులోకి మడిచి మల్లెలు చుట్టాం. నుదుటి పక్క రెండు పాయలు వంపుతోనే వదిలేశాం.

రాత్రి తొమ్మిదింటికి ఫొటో వచ్చింది. పాపిడి పక్కన కొన్ని లేచాయి, మెడ దగ్గర కొన్ని. తక్కినదంతా పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. అస్సలు రేగలేదని నేను అనను, కానీ రేగినవి అలల్లో కలిసిపోయి కనబడలేదు.

ఏ జెల్ కొనాలి?

ఖరీదుతో పని లేదు. సీసా వెనక మొదటి నాలుగైదు పేర్లలో గ్లిజరిన్ ఉంటే వానాకాలానికి వద్దు. గ్లిజరిన్ నీటిని లాక్కునే పదార్థం. మామూలు రోజుల్లో జుట్టును మెత్తగా ఉంచేది, తడి గాలిలో ఆ తడినే జుట్టు మీదికి తెచ్చిపెడుతుంది. తేనె, కలబంద ఎక్కువగా ఉన్నవీ ఇలాంటివే. గట్టిపరిచే పదార్థంగా పీవీపీ అని ఒక్కటే రాసి ఉన్న జెల్ ఉక్కపోతలో జిగురు పడుతుంది. మెడకు అంటుకుంటుంటే జెల్ మార్చండి.

సీరం రాస్తే తడి లోపలికి రాకుండా ఆగదా?

ఆగదు, నెమ్మదిస్తుంది. సీరంలో ఉండే డైమెథికోన్ లాంటి సిలికోన్లు వెంట్రుక మీద పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొరలోంచి నీటి ఆవిరి వెళుతూనే ఉంటుంది. అయినా సీరం పనికిరాదని కాదు, పొలుసుల మీద జారుడుతనం తెస్తుంది కనుక వెంట్రుకలు ఒకదానికొకటి రాసుకుని లేవవు. భుజాల దాకా ఉన్న జుట్టుకు రెండు మూడు చుక్కలు, అదీ చెమ్మ ఉన్నప్పుడు. పొడి జుట్టు మీద పది చుక్కలు పోస్తే రేగడం తగ్గినట్టు అనిపిస్తుంది కానీ, నిజానికి జిడ్డు బరువుకు అణిగి ఉంటుందంతే.

కొబ్బరినూనె ఎప్పుడు రాయాలి, తలస్నానానికి ముందా తరువాతా?

ముందు. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లపు కొవ్వు చిన్నది, నిటారైనది, అందుకే వెంట్రుక లోపలికి చొరబడుతుంది. ముంబయి పరిశోధకులు 2003లో కొబ్బరినూనెను పొద్దుతిరుగుడు నూనెతో, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూశారు. తలస్నానంలో వెంట్రుక నుంచి మాంసకృత్తు పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే. లోపల నూనె ఉంటే స్నానంలో నీరు పీల్చి ఉబ్బడమూ తగ్గుతుంది, పొలుసులు తక్కువ దెబ్బతింటాయి. ఇది ఒక్క రోజులో కనిపించే ఫలితం కాదు. వారానికొకసారి చొప్పున రెండు మూడు నెలలు చూడండి. సోంపేట, కవిటి వైపు వాళ్లకు నేను కొబ్బరినూనె గురించి చెప్పడం కాస్త విడ్డూరమే.

కుంకుడుకాయతో తలంటుకుంటే తక్కువ రేగుతుందంటారు. నిజమేనా?

సగం నిజం. కుంకుడు రసం బట్టల సబ్బులా క్షారం కాదు కనుక పొలుసులను అంతగా లేపదు. కానీ జిడ్డును బాగా లాగేస్తుంది, తరువాత కండిషనర్ లాంటిదేమీ లేకపోతే జుట్టు గరుకుగా ఉండి, దువ్వితే లేస్తుంది. నూనె పట్టించి కుంకుడుతో అంటుకుని, ఆపైన కొసలకు కండిషనర్ రాస్తే ఏ తప్పూ లేదు. మా అమ్మమ్మ కాలంలో జుట్టు రేగకపోవడానికి కుంకుడుకన్నా పెద్ద కారణం వేరే ఉంది. అప్పట్లో ఎవరూ జుట్టు విరబోసుకుని బయటికి వెళ్లేవారు కాదు.

అయితే రోజూ జడ వేసుకుంటే సరిపోతుందా?

కాలేజీకి, ఉద్యోగానికి వెళ్లేవారికి జడను మించింది లేదు. పాయలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి, గాలి తగిలే భాగమూ తగ్గుతుంది. ఒక్కటే నియమం. తడి జుట్టును గట్టిగా జడ వేయకండి. వానాకాలంలో అది రెండో రోజుకు కూడా లోపల ఆరదు, వాసన వస్తుంది, మాడు దురద పెడుతుంది. తడి వెంట్రుక సాగి తేలిగ్గా తెగుతుంది కూడా. ముప్పాతిక భాగం ఆరాక వదులుగా రెండు జడలు వేసి పడుకుంటే పొద్దున విప్పినప్పుడు అలలన్నీ ఒకే తీరున వస్తాయి. సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లి ఆ జనంలో రోజంతా నిలబడాల్సినవారికి నేను ఇదే చెబుతాను, పొద్దున విప్పకుండా అలాగే పైకి చుట్టేయమంటాను.

తువ్వాలు చుట్టుకోవచ్చా?

గరుకు తువ్వాలు వద్దు. పాత నూలు చీర, పాత పంచె, పాత టీషర్టు ఏదైనా మేలే. తువ్వాలుకు ఉండే చిన్న చిన్న ఉచ్చులు లేచిన పొలుసులను పట్టి లాగుతాయి.

పార్లర్‌లో కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయిస్తే ఆరు నెలలు రేగదంటున్నారు. చేయించుకోనా?

రేగడం తగ్గే మాట నిజమే. నేను మాత్రం చేయను, ఎందుకో చెబుతాను. పేరు కెరాటిన్ అయినా, జుట్టును నిటారుగా పట్టి ఉంచేది చాలా వాటిలో ఫార్మాల్డిహైడ్, లేదా వేడికి ఫార్మాల్డిహైడ్‌ను వదిలే పదార్థం. స్ట్రెయిటనర్ పెట్టినప్పుడు గదిలో కళ్లు మండి, ముక్కు ఘాటెక్కితే అది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో పెట్టింది. మీరు ఒక్కసారి పీలుస్తారు, చేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది.

ఫార్మాల్డిహైడ్ లేదని అమ్మేవాటిలో కొన్నిటికి గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఆధారం. 2024లో ఫ్రాన్స్ వైద్యులు 26 ఏళ్ల యువతి సంగతి ప్రచురించారు. 2020, 2021, 2022 సంవత్సరాలలో మూడుసార్లు ఆ క్రీముతో జుట్టు నిటారు చేయించుకుంది, మూడుసార్లూ ఆ వెంటనే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చేసేటప్పుడు మాడు మండిందని ఆమె చెప్పింది. ఆ ఆమ్లం మాడు గుండా ఒంట్లోకి ఇంకి, ఆక్సలేట్ స్ఫటికాలుగా మారి మూత్రపిండాలలో పేరుకుంటుందని వైద్యులు ఎలుకల మీద చేసిన పరీక్షలో తేలింది. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఇంట్లో ఎవరికైనా ఆ ఇబ్బంది ఉన్నవారు ఈ క్రీముల దగ్గరికి పోకండి. మిగతావారు చేయించుకోవాలనుకుంటే సీసా అడిగి పదార్థాల పేర్లు చదవండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

ఫంక్షన్‌లో ఉండగా రేగిపోయింది. అప్పటికప్పుడు ఏం చేయాలి?

దువ్వెన తీయకండి, అందరూ మొదట చేసే పని అదే. పొడిగా దువ్వితే మిగిలి ఉన్న పాయలు కూడా విడిపోతాయి. చేతులు తడుపుకుని, దులిపి, మిగిలిన చెమ్మతో లేచిన చోట అరచేతిని పై నుంచి కిందికి రెండుసార్లు జార్చండి. సంచిలో సీరం ఉంటే ఒక్క చుక్క. వేళ్లతో పాయలను మెలి తిప్పి వదలండి. అప్పటికీ లొంగకపోతే వెనక్కి తీసి కొప్పు చుట్టి, మీ పక్కనున్నవారి జడలోంచి ఒక మూర మల్లెలు అడిగి పెట్టుకోండి.